షిఫ్ట్ దిగేటప్పుడు: టికెట్లు వదలడం, నోట్స్ రాయడం, లాగాఫ్ చేయడం – తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో పనిచేసే ఒక ఐటీ సపోర్ట్ టీముకు నేను లీడ్‌ని. మా షిఫ్ట్ రాత్రి 9:30కి మొదలై ఉదయం 6:30కి ముగుస్తుంది. టీములోకి కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ మొదటి నెలలో దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అవి కూడా సరిగ్గా 6:25కి, కింద డ్రాప్ క్యాబ్ సిద్ధంగా ఉన్నప్పుడు వస్తాయి. ఆ హడావిడిలో చెప్పిన జవాబు సగమే బుర్రకెక్కుతుంది. అందుకే తీరిగ్గా రాసి పెట్టాను.

కస్టమర్ల సమస్యలను టికెట్లుగా నమోదు చేయడానికి మేం వాడే టూల్ సర్వీస్‌నౌ. స్క్రీన్ మీద కనిపించే పేర్లను ఉన్నవి ఉన్నట్టే రాశాను. మీ దగ్గర వేరే టూల్ ఉంటే పేర్లు మారతాయి, చేయాల్సిన పని మాత్రం అదే. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా ఉంటుంది, మీకు కావాల్సిన చోటికి నేరుగా వెళ్ళొచ్చు.

## చివరి గంట

కొత్త టికెట్లు తీసుకోవడం ఎన్నింటికి ఆపాలి?

గడియారం చూసి ఒక్కసారిగా ఆపేయకండి, టికెట్ ఎలాంటిదో చూడండి. పాస్‌వర్డ్ రీసెట్ అయితే 6:15కి కూడా తీసుకోవచ్చు, అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. "అప్లికేషన్ రెండు రోజులుగా స్లోగా ఉంది" అనే టికెట్‌ను మాత్రం 5:45 తర్వాత ముట్టుకోవద్దు. దాన్ని అర్థం చేసుకోవడానికే అరగంట పడుతుంది. ఆ అరగంటలో మీకు తెలిసిందంతా తర్వాతి మనిషి మళ్ళీ మొదటి నుంచి తెలుసుకోవాలి.

క్యూలో వదిలేస్తే బద్ధకం అనుకుంటారేమోనని చాలామంది భయపడతారు. క్యూలో ఉన్న టికెట్ అందరికీ కనిపిస్తుంది. 5:50కి మీ పేరు మీద వేసుకుని 6:30కి వెళ్ళిపోతే అది మీకు తప్ప ఎవరికీ కనిపించదు, మీరేమో నిద్రలో ఉంటారు. వ్యాపారం ఆగిపోయే స్థాయి టికెట్ అంటే పీ1 వస్తే మాత్రం 6:28కి అయినా తీసుకోవాల్సిందే. తీసుకుని, వెంటనే ఉదయం షిఫ్టు మనిషిని పిలిచి ఇద్దరూ కలిసి మొదలుపెట్టండి.

ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనిపిస్తోంది. ముగించి వెళ్ళనా?

మిగిలిన పని మీకు తెలిసిన పనా, లేక ఊహా అని మిమ్మల్ని మీరు అడగండి. "యూజర్‌ను ఫలానా గ్రూపులో చేర్చాలి, చేర్చాక లాగిన్ అయ్యిందో లేదో కనుక్కోవాలి" అన్నది తెలిసిన పని. ముగించి వెళ్ళండి. "సర్వీస్ రీస్టార్ట్ చేసి చూద్దాం" అన్నది ఊహ. అది పనిచేయకపోతే ఇంకో ఊహ, ఆ తర్వాత మరోటి. అలా 7:15 అవుతుంది, క్యాబ్ పోతుంది, టికెట్ అక్కడే ఉంటుంది.

ప్రొడక్షన్ సర్వర్లో మార్పు విషయంలో నేను ఇంకా కచ్చితంగా ఉంటాను. ఏ మార్పు చేసినా కనీసం అరగంట దాన్ని గమనించాలి. గమనించే అరగంట మీ షిఫ్టులో మిగల్లేదంటే ఆ మార్పు మీరు చేయకూడదు. సర్వీస్ రీస్టార్ట్ చేసిన వెంటనే అంతా పచ్చగానే కనిపిస్తుంది. మెమరీ నిండి అది మళ్ళీ పడిపోవడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు. ఆ ఇరవయ్యో నిమిషంలో మీరు క్యాబ్‌లో ఉంటే, ఏం మారిందో తెలిసిన మనిషి ఆఫీసులో ఎవరూ ఉండరు.

నా పేరు మీద ఇంకా ఏమేం ఉన్నాయో ఒక్కచోట ఎలా చూడాలి?

సర్వీస్‌నౌలో My Work తెరవండి. ఇన్సిడెంట్ల జాబితా ఒక్కటే చూస్తే చాలదు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్ లాంటి అభ్యర్థనల పనులు SCTASK నంబర్లతో వేరుగా ఉంటాయి, ఇన్సిడెంట్ జాబితాలో అవి రావు. My Work లో మీ పేరు మీదున్న అన్ని రకాలూ కలిసి వస్తాయి.

మీరే ఫిల్టర్ తయారు చేసుకుంటే అందులో On Hold కూడా ఉందో లేదో ఒకసారి చూడండి. In Progress మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టుకుని "నా దగ్గర ఏమీ లేవు" అని వెళ్ళినవాళ్ళ పేరు మీద వారం పాతవి బయటపడ్డాయి. తర్వాత మెయిల్, చాట్. "చూసి చెబుతాను" అని మీరు ఎవరికైనా అని ఉంటే, టికెట్ లేకపోయినా అది పెండింగ్ పనే. దానికి టికెట్ తెరిచి క్యూలో పెట్టండి.

## టికెట్లు వదిలేటప్పుడు

టికెట్ వదలడం అంటే సరిగ్గా ఏం చేయాలి?

ముందు నోట్ రాసి సేవ్ చేయండి. ఆ తర్వాత Assigned to లో మీ పేరు తీసేయండి. Assignment group అలాగే ఉంచండి. అది కూడా పోతే టికెట్ ఏ టీముకూ చెందకుండా పోతుంది. మళ్ళీ సేవ్ చేసి, గ్రూపు క్యూ తెరిచి ఆ టికెట్ అక్కడ కనిపిస్తోందో లేదో మీ కళ్ళతో చూడండి.

ఈ వరుస మార్చకండి. పేరు ముందు తీసేసి, నోట్ తర్వాత రాద్దాం అనుకుంటే, మీరు నోట్ టైప్ చేస్తుండగానే ఎవరో ఒకరు టికెట్ తీసుకుని కస్టమర్‌కు ఫోన్ చేసేస్తారు. మీరు మూడు గంటల క్రితం అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడుగుతారు. ఆ పిలుపుకు కస్టమర్‌కు కోపం వస్తే తప్పు వాళ్ళది కాదు.

రేపు రాత్రి మళ్ళీ నేనే వస్తాను కదా. నా పేరు మీదే ఉంచుకుంటే తప్పేంటి?

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. మంచి ఉద్దేశంతోనే అడుగుతారు. మొదలుపెట్టిన పని మనమే ముగించాలని, ఇంకొకరి మీద వేయకూడదని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. క్యూ పద్ధతిలో మాత్రం అదే కస్టమర్‌కు అన్యాయం చేస్తుంది. పేరు ఉందంటే "దీన్ని ఒకరు చూస్తున్నారు, మీరు ముట్టుకోకండి" అని మిగతా అందరికీ చెప్పినట్టు.

నేను సపోర్ట్‌లో చేరిన మొదటి ఏడాది, వేరే కంపెనీలో ఉన్నప్పుడు, ఒక ల్యాప్‌టాప్ టికెట్‌ను నా పేరు మీద ఉంచుకుని వెళ్ళాను. ఉద్యోగిని కొత్తగా చేరారు, ఆమె వీపీఎన్ పనిచేయడం లేదు. అది శుక్రవారం తెల్లవారుజాము, ఆ తర్వాత నాకు వీక్లీ ఆఫ్. సోమవారం రాత్రి లాగిన్ అయితే టికెట్‌లో ఆమె రాసిన మూడు కామెంట్లు ఉన్నాయి. మొదటిది మామూలుగా అడిగింది. రెండోది, తన మేనేజర్ కూడా అడుగుతున్నారని. మూడోది, "నేనేమైనా తప్పు చేశానా?" అని. ఆ మూడింటి నోటిఫికేషన్లూ నా మెయిల్‌కే వెళ్ళాయి, ఎందుకంటే పేరు నాది. ఆ మూడు రోజులూ మా గ్రూపులో షిఫ్టుకు నలుగురు చొప్పున పనిచేస్తూనే ఉన్నారు. సమస్య తేలడానికి పట్టింది పదకొండు నిమిషాలు, సర్టిఫికెట్ ఒకటి ఇన్‌స్టాల్ కాలేదు, అంతే. వాళ్ళలో ఎవరు తెరిచినా చేసేవారు. ఆ మూడో కామెంట్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఒక్క సందర్భంలో పేరు ఉంచుకోవచ్చు. కస్టమర్ స్వయంగా "రేపు రాత్రి 10కి చేయండి, అంతకుముందు నేను దొరకను" అని టైము ఇస్తే, ఆ మాట నోట్‌లో రాసి ఉంచుకోండి. అప్పుడు కూడా మీకు జ్వరం వస్తే ఎవరు చేయాలో లీడ్‌కు చెప్పి వెళ్ళండి.

కస్టమర్ జవాబు కోసం ఆగాం. On Hold లో పెడితే సరిపోతుందా?

పెట్టండి, కారణం Awaiting Caller ఎంచుకోండి. దాంతోపాటు పేరు కూడా తీసేయండి. On Hold లో ఉన్నప్పుడు, టికెట్ తేల్చాల్సిన గడువును లెక్కపెట్టే ఎస్‌ఎల్‌ఏ గడియారం ఆగేలా సాధారణంగా అమర్చుకుంటారు. మా దగ్గర కస్టమర్ జవాబు రాయగానే టికెట్ మళ్ళీ In Progress లోకి వచ్చి గడియారం నడవడం మొదలవుతుంది. ఆ జవాబు ఉదయం 8:10కి వచ్చిందనుకోండి. మీ పేరు మీద ఉంటే గడియారం రాత్రి దాకా నడుస్తూనే ఉంటుంది.

ఇంకో మాట. మనం చేయాల్సిన పని మిగిలి ఉండగా గడియారం ఆపడానికి On Hold వాడకండి. "ఇంకేమైనా వివరాలుంటే చెప్పండి" అని కస్టమర్‌కు ఒక అక్కర్లేని ప్రశ్న పంపి ఆపడం చూశాను. కస్టమర్ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు, మనం ఎదురుచూస్తున్నామని వాళ్ళకు తెలియదు, టికెట్ అలా పడి ఉంటుంది.

గ్రూపులో వదలకుండా నేరుగా తర్వాతి షిఫ్టు మనిషి పేరు మీద వేయొచ్చా?

వాళ్ళు "సరే, నేను తీసుకుంటాను" అన్నాకే వేయండి. రోస్టర్‌లో పేరు ఉందని వేసేస్తే, ఆ రోజు వాళ్ళు సెలవు పెట్టి ఉండొచ్చు, షిఫ్ట్ మార్చుకుని ఉండొచ్చు. అప్పుడు టికెట్ మీ పేరు మీద ఉన్నట్టే, ఇంకొకరి పేరు మీద నిద్రపోతుంది. అడగడానికి మనిషి దొరక్కపోతే గ్రూపులోనే వదలండి.

కస్టమర్ "మీరే చూడండి, వేరేవాళ్ళకు మళ్ళీ మొదట్నుంచి చెప్పలేను" అంటే?

ఆయన అడుగుతున్నది మిమ్మల్ని కాదు, మళ్ళీ చెప్పే పని లేకుండా ఉండాలని. అది మీ చేతిలో ఉంది. "సార్, నా షిఫ్ట్ 6:30కి అయిపోతుంది. మీరు చెప్పిందంతా టికెట్‌లో రాశాను, ఇంకొకరు అక్కడి నుంచే కొనసాగిస్తారు" అని చెప్పండి. తర్వాత అదే మాట కస్టమర్‌కు కనిపించే కామెంట్‌లో రాయండి, తర్వాతి అడుగు ఏమిటో కూడా చేర్చండి. "వీలైనంత త్వరలో" అనకండి. ఎప్పుడో మీకు తెలిస్తే టైము రాయండి, తెలియకపోతే ఏ పని తర్వాత తెలుస్తుందో రాయండి.

## నోట్స్ రాసేటప్పుడు

హ్యాండోవర్ నోట్‌లో ఏమేం ఉండాలి?

టికెట్ మొదటిసారి చూస్తున్న మనిషి, మిమ్మల్ని ఫోన్‌లో లేపకుండా పని కొనసాగించగలగాలి. అందుకు నాలుగు సంగతులు తెలియాలి: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, మీరు ఏం చేశారు, ఏం చేయలేదు, తర్వాత ఎవరు ఎప్పుడు ఏం చేయాలి. మూడోదాన్నే అందరూ మర్చిపోతారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బ్యాంకుకు అయిదు జీతాల ఫైళ్ళు వెళ్ళాలి, వెళ్ళడం లేదని తెల్లవారుజామున 4:10కి టికెట్ వచ్చింది. చూస్తే సర్వర్ డిస్క్ నిండిపోయింది. మన మనిషి పాత లాగ్ ఫైళ్ళను పక్కకు జరిపి ఫైళ్ళను మళ్ళీ పంపాడు. మూడు వెళ్ళాయి, నాలుగోదాని దగ్గర ఆగింది. 6:30 అయ్యింది. ఇలా రాసి వెళ్ళాడనుకుందాం: "డిస్క్ సమస్య పరిష్కారమైంది. బ్యాంకుకు మెయిల్ చేశాను. దయచేసి ఫాలో అప్ చేయండి."

ఉదయం షిఫ్టు అమ్మాయి ఇది చదివి ఏం చేస్తుంది? మిగిలిన రెండు ఫైళ్ళూ మళ్ళీ పంపుతుంది. చూడటానికి అదే సరైన పని. కానీ నాలుగో ఫైలుకు బ్యాంకు వైపు నుంచి వచ్చిన మెసేజ్ "ఇది ఇప్పటికే అందింది" అని. అది మన మనిషి చూశాడు, రాయలేదు. ఇప్పుడు ఆ ఫైలును ఇంకో పేరుతో మళ్ళీ పంపితే, అందులో ఉన్న ఉద్యోగులకు జీతం రెండుసార్లు పడే ప్రమాదం ఉంది.

నేనైతే ఇలా రాస్తాను. తెలుగులో ఇస్తున్నాను:

"పరిస్థితి (6:20 ఐఎస్‌టీ): 5 ఫైళ్ళలో 1, 2, 3 వెళ్ళాయి, బ్యాంకు నుంచి అందినట్టు మెసేజ్ వచ్చింది. 4, 5 పెండింగ్. చేసింది: APP07 సర్వర్ D డ్రైవ్ నిండిపోయింది. 30 రోజులు దాటిన లాగ్‌లను E:\archive కు జరిపాను, ఏదీ డిలీట్ చేయలేదు. 5:05కి జాబ్ మళ్ళీ నడిపాను. ఫైల్ 4కు 'ఇప్పటికే అందింది' అని రావడంతో జాబ్ ఆగింది, స్క్రీన్‌షాట్ జతచేశాను. చేయనిది: ఫైల్ 4ను మళ్ళీ పంపలేదు. బ్యాంకు చెప్పేదాకా ఎవరూ పంపవద్దు, రెండుసార్లు చెల్లింపు అయ్యే అవకాశం ఉంది. డిస్క్ ఎందుకు నిండిందో చూడలేదు. తర్వాత: బ్యాంకు సపోర్ట్‌కు 5:25కి మెయిల్ పంపాను, వాళ్ళ ఆఫీసు 9:30కి తెరుస్తారు. 9:30కి ఫోన్ చేసి ఫైల్ 4 మొత్తం వాళ్ళ దగ్గర ఉందో లేదో కనుక్కోవాలి. తర్వాత ఫైల్ 5 పంపాలి. ఈ రోజు గడువు మధ్యాహ్నం 12:00."

రాయడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. ఆ సమయం లేదనుకుంటే "ఫైల్ 4 పంపవద్దు" అన్న ఒక్క వాక్యమైనా మొదటి వరుసలో రాసి వెళ్ళండి.

"చెక్ చేశాను, బాగానే ఉంది" అని రాస్తే చాలదా?

చాలదు. ఏం చెక్ చేశారు, ఏం కనిపించింది అన్నది రాయాలి. "నెట్‌వర్క్ బాగుంది" అన్నది మీ అభిప్రాయం. "యూజర్ ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌కు పింగ్ వెళ్తోంది, 443 పోర్ట్ కనెక్ట్ కావడం లేదు" అన్నది మీరు చూసింది. మొదటి మాట నమ్మినవాడు నెట్‌వర్క్ వైపు చూడడమే మానేస్తాడు, తప్పు అక్కడే ఉండొచ్చు. చూసింది చూసినట్టు రాయండి, అనుకున్నదాన్ని "అనుకుంటున్నాను" అని రాయండి. రీస్టార్ట్ కమాండ్ ఇచ్చి ఫలితం చూడకపోతే "రీస్టార్ట్ చేశాను, పనిచేస్తోందో లేదో చూడలేదు" అనే రాయాలి.

సగంలో ఉన్న పని సమాచారం చేతులు మారేటప్పుడు జారిపోతే ఏమవుతుందో చెప్పడానికి మా టీములో నేను పైపర్ ఆల్ఫా సంగతి చెబుతాను. అది స్కాట్లాండ్ తీరానికి దూరంగా నార్త్ సీలో ఉన్న చమురు ప్లాట్‌ఫాం. 1988 జులై 6న పగటి షిఫ్టువాళ్ళు ఒక పంపుకు చెందిన సేఫ్టీ వాల్వ్‌ను మరమ్మతు కోసం తీశారు. సాయంత్రానికి పని పూర్తి కాలేదు, ఆ చోట తాత్కాలికంగా ఒక మూత బిగించారు. వాల్వ్ లేదన్న సంగతి రాత్రి షిఫ్టులో ఆ పంపు నడిపేవాళ్ళకు చేరలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోతే వాళ్ళు మొదటిదాన్ని స్టార్ట్ చేశారు. గ్యాస్ లీకై పేలింది, 167 మంది చనిపోయారు. లార్డ్ కల్లెన్ విచారణలో పర్మిట్ల పద్ధతి, షిఫ్ట్ అప్పగింత రెండూ లోపంగా తేలాయి. మన డెస్కు మీద ప్రాణాలు పోవు, నిజమే. కానీ సమాచారం జారిపోయే తీరు అదే: పని సగంలో ఉందని తెలిసిన మనిషి ఇంటికి వెళ్ళాడు, ఆ సంగతి అతనితోపాటే వెళ్ళింది.

నేను చేసిన పొరపాటు కూడా రాయాలా? అందరూ చదువుతారు కదా.

రాయాలి, టైముతో సహా. ఉదాహరణకు వేరే సర్వీసును పొరపాటున 5:52కి రీస్టార్ట్ చేశారు, రెండు నిమిషాల్లో అది లేచింది. "ఏమీ కాలేదు కదా" అని వదిలేస్తే, 5:52కి యూజర్లు ఎందుకు బయటికొచ్చేశారని ఉదయం టీము రెండు గంటలు వెతుకుతుంది. మీ ఒక్క వరుస ఆ వెతుకులాట ఆపుతుంది. ఎవరినీ క్షమాపణ అడగనక్కర్లేదు. "5:52కి పొరపాటున ఫలానా సర్వీస్ రీస్టార్ట్ చేశాను, 5:54కి మళ్ళీ నడిచింది" అంటే చాలు. ఇలా రాసినవాళ్ళను మందలించకుండా చూసుకోవడం లీడ్ పని. నేను అది పాటిస్తాను, పాటించని లీడ్ దగ్గర ఎవరూ నిజం రాయరు.

టైము ఐఎస్‌టీలో రాయాలా, యూటీసీలో రాయాలా?

ఏదైనా ఫరవాలేదు, అది ఐఎస్‌టీనా, యూటీసీనా అన్నది పక్కన రాయండి. ఉత్త "3:30కి" అని రాస్తే రాత్రి షిఫ్టులో తేదీ కూడా తప్పుతుంది. యూటీసీ మనకంటే అయిదున్నర గంటలు వెనక. సర్వర్ లాగ్‌లో మే 14, 22:00 యూటీసీ అని ఉంటే అది మనకు మే 15 తెల్లవారుజాము 3:30. "నిన్న రాత్రి" అనే మాట నోట్‌లో అసలు వాడకండి, ఎవరి నిన్న అన్నది తెలియదు.

అమెరికా కస్టమర్లు ఉంటే ఇంకో చిక్కు. వాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు తిప్పుతారు. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. "ఈఎస్‌టీ 9కి కాల్ చేయాలి" అని రాస్తే పక్కనే ఐఎస్‌టీ కూడా లెక్కకట్టి రాయండి. చదివేవాళ్ళ మీద ఆ లెక్క వదలొద్దు.

Work notes లో రాయాలా, Additional comments లో రాయాలా?

టీముకు చెప్పేది Work notes లో. Additional comments కస్టమర్‌కు కనిపిస్తాయి, మెయిల్‌గా కూడా వెళ్ళొచ్చు. సేవ్ చేసే ముందు ఏ పెట్టెలో టైప్ చేశారో ఒక్కసారి చూడండి. పాస్‌వర్డ్ మాత్రం రెండింట్లోనూ రాయకూడదు.

ఇంగ్లీషులో రాయడం నాకు కష్టం. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయొచ్చా?

టికెట్‌లో వద్దు. ఉదయం మన హైదరాబాద్ వాళ్ళే చదివినా, సాయంత్రానికి అదే టికెట్ అమెరికా టీము దగ్గర ఉండొచ్చు. మంచి ఇంగ్లీషు ఎవరూ అడగడం లేదు. ఒక వాక్యంలో ఒక్క సంగతి, అంతే. చిన్న వాక్యాలు రాసేవాళ్ళ నోట్సే చదవడానికి తేలిక. ఎలా రాయాలో తెలియకపోతే పక్కవాళ్ళకు తెలుగులో చెప్పి, ఇద్దరూ కలిసి రాయండి.

## లాగాఫ్ చేసేటప్పుడు

Windows + L నొక్కి వెళ్ళిపోతే సరిపోదా?

టీకి వెళ్ళేటప్పుడు సరిపోతుంది. అది తాళం మాత్రమే, లోపల మీరు తెరిచినవన్నీ నడుస్తూనే ఉంటాయి. సొంత ల్యాప్‌టాప్ కాకుండా షిఫ్టుకొకరు కూర్చునే సిస్టం అయితే తప్పకుండా Sign out చేయాలి. దానికంటే ముందు ఎక్సెల్ షీట్లు మూసేయండి. షేర్డ్ డ్రైవ్‌లోని షీట్ మీ దగ్గర తెరిచి ఉంటే ఉదయంవాళ్ళకు అది చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, లాక్ చేసింది మీరేనని మీ పేరు చూపిస్తుంది.

రిమోట్ డెస్క్‌టాప్ విండో మూసేశాను. అది లాగాఫ్ అయినట్టేనా?

కాదు. పైన ఉన్న X నొక్కితే కనెక్షన్ మాత్రమే తెగుతుంది. సర్వర్ మీద మీ సెషన్ అలాగే బతికి ఉంటుంది, మీరు తెరిచిన ప్రోగ్రాంలతో సహా. లాగాఫ్ కావాలంటే ఆ సర్వర్ స్టార్ట్ మెనూలోకి వెళ్ళి Sign out చేయాలి.

దీనివల్ల రెండు రకాల నష్టం. విండోస్ సర్వర్‌లో అడ్మిన్ పనికి మామూలుగా ఒకేసారి రెండు రిమోట్ సెషన్లే అనుమతిస్తారు. మీరు, మీ సహోద్యోగి చెరొకటి వదిలి వెళ్తే, ఉదయం అత్యవసరంగా లాగిన్ కావాల్సిన మనిషి మీలో ఒకరిని తీసేస్తే గానీ లోపలికి రాలేడు. మీరు ఏదైనా ముఖ్యమైన పని నడుపుతున్నారేమో తెలియక తటపటాయిస్తాడు. రెండోది, మీరు పాస్‌వర్డ్ మార్చుకున్నాక కూడా ఆ పాత సెషన్ పాత పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నిస్తూ ఉండొచ్చు. మీ అకౌంట్ మాటిమాటికీ లాక్ అవుతుంటే ముందు వెతకాల్సింది ఇలాంటి మర్చిపోయిన సెషన్ల కోసమే.

ఎక్కడైనా వదిలేశారేమో ఇలా చూడొచ్చు:

```
quser /server:APP07
logoff 3 /server:APP07
```

మొదటిది ఎవరెవరి సెషన్లు ఉన్నాయో, వాటి నంబర్లు ఏమిటో చూపిస్తుంది. STATE కింద Disc అని ఉంటే తెగిపోయి మిగిలిన సెషన్. రెండోది ఆ నంబరు సెషన్‌ను ముగిస్తుంది. నంబరు ఎదుట ఉన్నది మీ పేరేనా అని చూసి కొట్టండి.

లైనక్స్ సర్వర్, డేటాబేస్ వాడేవాళ్ళు ఇంకేం చూడాలి?

లైనక్స్‌లో ఇబ్బంది దీనికి తిరగబడి ఉంటుంది. మామూలుగా నడుపుతున్న స్క్రిప్ట్ కనెక్షన్ తెగగానే ఆగిపోవచ్చు. గంటసేపు నడిచే కాపీని ల్యాప్‌టాప్ మూసి సగంలో చంపేయకండి. అలాంటి పనులు మొదటి నుంచే, కనెక్షన్ తెగినా పని ఆగకుండా ఉంచే `tmux` లో నడిపి, సర్వర్ పేరు, సెషన్ పేరు నోట్‌లో రాసి వెళ్ళండి. `vim` లో ఫైలు తెరిచి వదిలేస్తే తర్వాత తెరిచేవాళ్ళకు `Found a swap file` అని హెచ్చరిక వస్తుంది. మీ మార్పులు సేవ్ అయ్యాయో లేదో వాళ్ళకు అర్థం కాదు.

డేటాబేస్‌లో తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్ అన్నిటికంటే చెడ్డది. `UPDATE` కొట్టి, `COMMIT` గానీ `ROLLBACK` గానీ చేయకుండా స్క్రీన్ లాక్ చేసి వెళ్తే ఆ వరుసలు లాక్‌లోనే ఉంటాయి. వాటిని మార్చాలని చూసే ప్రతి ప్రోగ్రామూ ఎదురుచూస్తూ నిలబడుతుంది. ఉదయం వచ్చే ఫిర్యాదు మాత్రం "అప్లికేషన్ స్లో" అనే. పోస్ట్‌గ్రెస్ అయితే వెళ్ళే ముందు ఇది నడపండి:

```sql
SELECT pid, usename, xact_start
FROM pg_stat_activity
WHERE state = 'idle in transaction';
```

మీ పేరు వస్తే ఆ విండోకు తిరిగి వెళ్ళి ముగించండి. ఏం చేయాలో అనుమానంగా ఉంటే `ROLLBACK` చేసి, ఆ మార్పు ఇంకా చేయలేదని నోట్‌లో రాయండి.

ఫోన్ టూల్‌లో లాగౌట్ కాకపోతే ఏమవుతుంది?

మీరు Available లో ఉన్నారనుకుని సిస్టం కాల్ మీకే పంపుతుంది. ఖాళీ కుర్చీ ముందు అది మోగుతుంది. అవతల కస్టమర్ వింటూ ఉంటారు. హెడ్‌సెట్ తీసే ముందు ఫోన్ టూల్ లాగౌట్ చేయండి, మిగతావన్నీ తర్వాత.

## అప్పగించాక

పీ1 నడుస్తోంది, అన్ని టీములూ కలిసి మాట్లాడే బ్రిడ్జ్ కాల్‌లో ఉన్నాను. 6:30 అయ్యింది. ఎలా దిగాలి?

టికెట్‌లో నోట్ రాసి దిగిపోవడం ఇక్కడ కుదరదు, నోటితో చెప్పాలి. ఉదయం మనిషిని కాల్‌లోకి పిలిచి, మీరు చెప్పింది వాళ్ళను తిరిగి చెప్పమనండి. "సరే, అర్థమైంది" అంటే లెక్కలోకి రాదు. "డేటాబేస్ టీము రెండో సర్వర్‌కు మారుస్తోంది, 6:50కి అప్‌డేట్ ఇస్తారు, అప్పటిదాకా మనం ఏదీ రీస్టార్ట్ చేయకూడదు, అంతేనా?" అని వాళ్ళ నోటి నుంచి వస్తే అందింది అని. ఏదైనా తప్పుగా అందితే అక్కడే తెలుస్తుంది. తర్వాత కాల్‌లో అందరూ వినేలా "ఇక నుంచి మా వైపు ఫలానావారు చూస్తారు" అని చెప్పి దిగండి.

తర్వాతి షిఫ్టు మనిషి ఇంకా రాలేదు. నేను ఆగాలా?

ముందు లీడ్‌కు ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టి వదిలేయకండి. మామూలు టికెట్లైతే నోట్స్‌తో గ్రూపులో వదిలి వెళ్ళొచ్చు, మనిషిని చూడడం లీడ్ బాధ్యత. పీ1 ఉంటే అందుకునే మనిషి దొరికేదాకా ఆగండి, తర్వాతి క్యాబ్ ఏర్పాటు చేయమని లీడ్‌ను అడగండి. అది మొహమాటపడాల్సిన విషయం కాదు. తొమ్మిది గంటలు మేలుకుని ఉన్న మనిషి ఇంకో గంట ఆగుతున్నప్పుడు కొత్త పనులు మొదలుపెట్టకూడదు, కాపలా మాత్రమే కాయాలి.

ఇంటికి వెళ్ళాక ఒకటి రాయడం మర్చిపోయానని గుర్తొచ్చింది. రాత్రికి రాస్తే పోదా?

అప్పుడే షిఫ్ట్ ఫోన్‌కు కాల్ చేయండి. టికెట్ నంబరు, మర్చిపోయిన సంగతి చెప్పి, వాళ్ళనే నోట్‌లో రాయమనండి. ఉదయం షిఫ్టుకు కావాల్సింది ఉదయమే. వ్యక్తిగత వాట్సాప్‌లో ఒకరికి పెట్టి ఊరుకోకండి, వాళ్ళు చూసే సరికి మధ్యాహ్నం కావచ్చు, పైగా అది టికెట్‌లోకి చేరదు.

మా టీములో ఒకబ్బాయి క్యాబ్ మియాపూర్ దాటాక ఇలాగే ఫోన్ చేశాడు. ఒక సర్వర్ మానిటరింగ్ అలర్టులు పని కోసం ఆపి, మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోయానని. ఫోన్ ఎత్తినవాళ్ళు అప్పుడే ఆన్ చేసి, 6:05 నుంచి 7:20 దాకా అలర్టులు ఆగి ఉన్నాయని టికెట్‌లో రాశారు.